కార్తీకంలో లాభం, చైత్రంలో డబ్బు: ఒక కిరాణా కొట్టు లెక్క

ప్రకాశం జిల్లాలో కొండపి, టంగుటూరు చుట్టుపక్కల పొగాకు పల్లెల్లో కిరాణా కొట్టు నడిపేవారికి సంవత్సరం రెండు ముక్కలుగా గడుస్తుంది. పొలంలో నారు నాటిన దగ్గర నుంచి బ్యారన్లలో ఆకు కాల్చడం పూర్తయ్యే దాకా కొట్టులో సరుకు కదులుతూనే ఉంటుంది గానీ డబ్బు అంతగా రాదు. వేలం కేంద్రాలు తెరుచుకుని, బేళ్లు అమ్ముడుపోయి, రైతు బ్యాంకు ఖాతాలో సొమ్ము పడ్డాక డబ్బు వస్తుంది గానీ అప్పటికి సరుకు అమ్మకం నెమ్మదిస్తుంది. ఈ రెండు కాలాల్లోనూ కొట్టు యజమాని తన వ్యాపారం ఎలా ఉందో తెలుసుకోవడానికి గల్లాపెట్టె వైపే చూస్తాడు. మొదటి కాలంలో గల్లా చూసి అనవసరంగా దిగులు పడతాడు. రెండో కాలంలో అదే గల్లా చూసి అంతకంటే అనవసరంగా ధైర్యం తెచ్చుకుంటాడు. ఈ రెండింటిలో రెండోదే ఎక్కువ నష్టం చేస్తుందని నా అభిప్రాయం. అందుకే ఇక్కడ రెండు నెలల లెక్కలు, ఒక నవంబరు, ఒక ఏప్రిల్, పక్కపక్కన పెట్టి చూపిస్తాను. అంకెలు ఏ ఒక్క కొట్టువీ కావు. చదవడానికి వీలుగా గుండ్రం చేసి వేసుకున్నవి.

ముందు ఒక్క విషయం స్పష్టం చేసుకుంటే మిగతాదంతా దాని వెంట వస్తుంది. సరుకు చేయి మారిన రోజున లాభం పుడుతుంది. డబ్బు చేయి మారిన రోజున గల్లా కదులుతుంది. ఈ రెండూ ఒకే రోజు, ఒకే క్షణంలో జరిగితే లాభానికీ నగదుకూ తేడా ఉండదు. టీ బంకు లెక్క దాదాపు ఇలాగే ఉంటుంది: పొద్దున పాలు కొని, సాయంత్రానికి అమ్మేసి, డబ్బు లెక్కపెట్టుకుంటే మిగిలిందే లాభం. కిరాణా కొట్టులో అలా కాదు. కందిపప్పు బస్తా కొన్న రోజు వేరు, దాని డబ్బు ఏజెన్సీకి కట్టిన రోజు వేరు, పప్పు ఖాతాదారుకు తూచి ఇచ్చిన రోజు వేరు, ఆయన బాకీ తీర్చిన రోజు వేరు. ఈ నాలుగు తేదీల మధ్య ఉన్న దూరమే లాభానికీ నగదుకూ ఉన్న తేడా.

ఇక నవంబరు. ఆ నెలలో కొట్టు మొత్తం అమ్మకం 3,00,000 రూపాయలు అనుకుందాం. అందులో చేతికి నోట్లుగానో ఫోన్ ద్వారానో అప్పటికప్పుడు వచ్చింది 2,30,000. మిగిలిన 70,000 ఖాతా పుస్తకంలోకి ఎక్కింది. అమ్మిన సరుకు కొన్న ధర 2,58,000. అంటే సరుకు మీద మిగిలింది 42,000, అమ్మకంలో నూటికి 14 రూపాయలు. అద్దె, కరెంటు బిల్లు, కుర్రాడి జీతం, ఒంగోలు నుంచి సరుకు తెచ్చిన ఆటో కిరాయి, పాత అప్పు మీద వడ్డీ, అన్నీ కలిపి ఖర్చు 20,000. ఆ నెలలోనే 24,000 పెట్టి ఒక డీప్ ఫ్రీజర్ కొన్నారు. అది నాలుగేళ్లు పనిచేస్తుందనుకుంటే ఒక్కో నెలకు 500 చొప్పున అరిగినట్టు లెక్క వేయాలి; మొత్తం 24,000 నవంబరు ఖర్చుగా రాస్తే ఆ నెల అన్యాయంగా నష్టంలో కనిపిస్తుంది, మిగతా 47 నెలలు ఉచితంగా ఐస్‌క్రీం చల్లబరిచినట్టు ఉంటుంది. కాబట్టి 42,000 నుంచి 20,500 తీసివేస్తే నవంబరు లాభం 21,500 రూపాయలు. ఇలాంటి కొట్టుకు అది చెప్పుకోదగిన నెలే.

ఇప్పుడు గల్లా సంగతి. గల్లా అంటే సొరుగు ఒక్కటే కాదు. ఫోన్ ద్వారా వచ్చిన సొమ్ము పడే బ్యాంకు ఖాతా కూడా గల్లాయే, రెండూ కలిపే చూడాలి. నవంబరు ఒకటో తారీఖున ఈ రెండింటిలో కలిపి 90,000 ఉంది. నెలాఖరుకు 15,000 మిగిలింది. లాభం 21,500 వచ్చిన నెలలో నగదు 75,000 తగ్గింది. లెక్క చూపించినప్పుడు పెద్దవయసు యజమానులు అడిగే మాట ఒక్కటే: "లాభం వచ్చిందంటున్నావు గదా అబ్బాయ్, మరి అదెక్కడుందో చూపించు." అది న్యాయమైన ప్రశ్న. లాభం ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేని లెక్కను నమ్మాల్సిన పని లేదు.

చూపిద్దాం. లాభం 21,500 దగ్గర మొదలుపెడదాం. ఫ్రీజరు అరుగుదల 500 అనేది కాగితం మీద ఖర్చే తప్ప దాని కోసం ఈ నెల ఎవరికీ నోట్లు ఇవ్వలేదు. కనుక దాన్ని తిరిగి కలిపితే 22,000. నెలలో 70,000 అరువు ఇచ్చి, పాత బాకీల్లో 20,000 మాత్రమే వసూలు చేశారు. అంటే జనం దగ్గర కొత్తగా ఇరుక్కున్నది 50,000. ఈ ఒక్క అంకె దగ్గరే లెక్క మైనస్‌లోకి పడిపోయి 28,000 లోటు కనిపిస్తుంది. తర్వాత, ఏజెన్సీ వాళ్లు స్కీము ఉందనడంతో సబ్బులు, నూనె పెట్టెలు మామూలు కంటే ఎక్కువ దించుకున్నారు. అమ్మింది 2,58,000 సరుకే అయినా కొన్నది 2,78,000. అరల్లో పెరిగిన స్టాకు 20,000. లోటు 48,000కు చేరింది. అయితే కొన్న సరుకుకంతా డబ్బు కట్టలేదు, టోకు వర్తకులకు 15,000 బాకీ పెట్టారు. ఇది మనకు అనుకూలం. లోటు 33,000కు తగ్గింది. ఫ్రీజరుకు కట్టిన 24,000, ఇంటి ఖర్చుకు గల్లాలోంచి తీసిన 15,000, పాత అప్పు అసలులో కట్టిన 3,000 తీసివేస్తే సరిగ్గా 75,000 లోటు తేలుతుంది.

అంటే లాభం ఎక్కడికీ పోలేదు. అది ఖాతా పుస్తకంలోని పేర్ల దగ్గర, అరల్లోని పెట్టెల్లో, మూలన ఉన్న ఫ్రీజరులో, ఇంటి వంటగదిలో ఉంది. ఇక్కడ చాలామంది పొరబడే చోటు అప్పు వాయిదా. నెలకు కట్టిన వాయిదాలో వడ్డీ భాగం మాత్రమే ఖర్చు. అసలు కట్టడం ఖర్చు కాదు, అప్పు తీసుకున్న రోజు వచ్చిన డబ్బు ఆదాయం కానట్టే. చిట్‌ఫండ్ పాట పాడి 1,00,000 తెచ్చుకున్న నెలలో వ్యాపారం బాగుందనిపించడానికి కారణం ఈ తేడా తెలియకపోవడమే.

నవంబరు గల్లా బోసిగా ఉన్నా ఆ కొట్టు ఆరోగ్యంగానే ఉంది, ఒక్క షరతు మీద: ఆ అరువు తిరిగి రావాలి, వేళకు రావాలి. వేళ ఎందుకు ముఖ్యమో వెయ్యి రూపాయల అరువు మీద చూడండి. వెయ్యికి అమ్మిన సరుకు కొన్న ధర 860, మిగులు 140. ఆ 860ని నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పెట్టారనుకుంటే నెలకు 17 రూపాయల 20 పైసలు వడ్డీ. నవంబరులో ఇచ్చిన అరువు ఏప్రిల్‌లో తీరితే ఐదు నెలలకు 86 రూపాయలు వడ్డీకే పోతుంది, మిగులు 54. అద్దె, జీతం ఇంకా ఆ 54 లోంచే రావాలి. ఎనిమిది నెలలు దాటితే 140లో ఏమీ మిగలదు. సొంత డబ్బుతోనే వ్యాపారం చేస్తున్నవారు ఈ వడ్డీ తమకు వర్తించదనుకుంటారు. కానీ ఆ సొమ్ము చేతిలో లేకపోబట్టే టోకు వర్తకుడి దగ్గర నగదు కొనుగోలుదారుకు ఇచ్చే తగ్గింపు వారికి దొరకడం లేదు. వడ్డీ కట్టకపోయినా దాని బరువు మరోరూపంలో పడుతూనే ఉంది.

ఇప్పుడు ఏప్రిల్. వేలం సొమ్ము ఊళ్లోకి వచ్చింది. కొట్టు అమ్మకం 2,40,000కు తగ్గింది. అందులో 2,20,000 నగదు, 20,000 మాత్రమే అరువు. అమ్మిన సరుకు కొన్న ధర 2,06,400, మిగులు 33,600. మామూలు ఖర్చు, ఫ్రీజరు అరుగుదల కలిపి మళ్లీ 20,500. ఇంతవరకు లాభం 13,100. అయితే వసూళ్ల నెలలో మాత్రమే బయటపడే నష్టాలు రెండున్నాయి. ఒకటి, బాకీ తీర్చేటప్పుడు "చిల్లర వదిలెయ్ అన్నా, గుండ్రంగా తీసుకో" అనేవారి దగ్గర వదిలిన మొత్తం 4,000. రెండోది, కూలి పనికి వలస వెళ్లి ఇక తిరిగి రారని తేలిపోయిన రెండు కుటుంబాల బాకీ 8,500. ఈ 12,500 తీసివేస్తే ఏప్రిల్ లాభం 600 రూపాయలు.

నిజానికి ఈ 8,500 నష్టం ఏప్రిల్‌ది కాదు, అరువు ఇచ్చిన చలికాలానిది. అప్పుడు లాభంగా లెక్కపెట్టుకున్నదే ఇప్పుడు వెనక్కి పోతోంది. పెద్ద సంస్థలు ఇలాంటి రాని బాకీలకు ముందుగానే కొంత పక్కన పెడతాయి. కొట్టు యజమాని కూడా తన ఖాతా పుస్తకం చూసి, గత రెండు మూడేళ్లలో నూటికి ఎంత రాకుండా పోయిందో లెక్కవేసుకుని, నవంబరు లాభంలోంచే అంత తగ్గించుకుంటే ఏప్రిల్‌లో ఆశ్చర్యపోవాల్సిన పని ఉండదు.

ఆ 600 రూపాయల నెలలో గల్లా ఎలా ఉందో చూద్దాం. నగదు అమ్మకం 2,20,000, పాత బాకీల వసూలు 1,60,000, మొత్తం 3,80,000 వచ్చింది. ఎండలకు సరుకు కదలదని అరల్లో స్టాకు తగ్గించుకుని 1,90,000 సరుకే కొన్నారు. ఏజెన్సీ వాళ్లు గడువు ఇవ్వడంతో అందులోనూ 1,80,000 మాత్రమే కట్టారు. ఖర్చులు 20,000, ఇంటికి 15,000, అప్పు అసలుకు 3,000. పోయింది 2,18,000. గల్లా 1,62,000 పెరిగింది. సంపాదన ఆరు వందలు, చేతికి వచ్చింది లక్షా అరవై రెండు వేలు. దీన్ని చూసి "ఈ ఏడు కొట్టు బాగా కలిసొచ్చింది" అనుకోని మనిషి అరుదు. బంగారం కొనడం, స్థలానికి బయానా ఇవ్వడం, బండి మార్చడం లాంటివన్నీ జరిగేది సరిగ్గా ఈ వారాల్లోనే.

ఆ 1,62,000 ఎవరిదో విడదీస్తే అసలు సంగతి తెలుస్తుంది. అందులో 16,400 అరల్లో తగ్గిన సరుకు విలువ. సీజను ముందు దాన్ని తిరిగి నింపాలి. 10,000 ఏజెన్సీ వాళ్లది; గడువు తీరగానే వచ్చి అడుగుతారు. మిగిలినదంతా దాదాపుగా ఖాతా పుస్తకంలోంచి ఇంటికి తిరిగొచ్చిన పెట్టుబడి, దానితో పాటు చలికాలంలోనే సంపాదించి లెక్కలో వేసేసుకున్న పాత లాభం. పాత లాభం మేరకు వాడుకోవడంలో తప్పు లేదు, అది యజమానిదే. కానీ వసూలైన ప్రతి వెయ్యిలో 860 సరుకు ధర. అది వచ్చే అక్టోబరులో మళ్లీ అరువుగా బయటికి వెళ్లవలసిన సొమ్ము. కొన్నాళ్లు గల్లాలో విశ్రాంతి తీసుకుంటోంది, అంతే.

ఇన్ని అంకెలు ప్రతి నెలా రాయడం ఒంటరిగా కొట్టు చూసుకునే మనిషికి సాధ్యమా అంటే, కాదు. ఒక్కొక్క అగ్గిపెట్టె కొన్న ధర రాసుకోనక్కరలేకుండా లాభం పట్టుకునే పద్ధతి ఒకటుంది. నెలాఖరు రాత్రి షట్టరు దించాక నాలుగు అంకెలు రాసుకోవాలి: గల్లాలోనూ బ్యాంకులోనూ ఉన్న నగదు, ఖాతా పుస్తకంలో మనకు రావలసిన మొత్తం, కొన్న ధర ప్రకారం అరల్లో ఉన్న సరుకు విలువ, మనం టోకు వర్తకులకూ అప్పులిచ్చినవారికీ ఇవ్వవలసిన మొత్తం. మొదటి మూడూ కలిపి నాలుగోది తీసివేస్తే కొట్టులో ఉన్న మన సొంత సొమ్ము తెలుస్తుంది. ఫ్రీజరు లాంటి వస్తువు ఉంటే దాని మిగిలిన విలువ కూడా కలపాలి. ఈ నెల సొంత సొమ్ములోంచి పోయిన నెలాఖరు సొంత సొమ్ము తీసివేసి, నెలలో ఇంటికి వాడుకున్నది కలిపితే వచ్చేదే లాభం.

నవంబరు మీద సరిచూద్దాం. నగదు 75,000 తగ్గింది. రావలసినది 50,000, సరుకు 20,000, ఫ్రీజరు 23,500 పెరిగాయి. టోకు బాకీ 15,000 పెరిగింది, పాత అప్పు 3,000 తగ్గింది. అన్నీ కలిపితే సొంత సొమ్ము 6,500 పెరిగింది. ఇంటికి తీసిన 15,000 కలిపితే 21,500. అమ్మకం ఎంతో, మార్జిన్ ఎంతో తెలియకపోయినా అదే అంకె వచ్చింది.

ఈ పద్ధతి తప్పుదారి పట్టించే చోట్లు కొన్ని ఉన్నాయి. స్టాకును పాకెట్టు మీద ముద్రించిన ధర ప్రకారం లెక్కపెడితే అమ్మని సరుకు మీద కూడా లాభం వచ్చినట్టు చూపిస్తుంది. కొన్న ధరే వేయాలి, గడువు తీరి ఏజెన్సీ వెనక్కి తీసుకోని బిస్కెట్లకు సున్నా వేయాలి. ఖాతా పుస్తకంలో ఏడాదిగా కదలని పేరు ఉంటే దాన్ని రావలసినదిగా రాసుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే. అన్నింటికంటే తరచుగా జరిగేది మరొకటి: వంటింటికి కావలసిన బియ్యం, నూనె, పప్పు కొట్టులోంచే వెళ్తాయి, ఎవరూ రాయరు. నెలకు 4,000 సరుకు అలా వెళ్తే లెక్కలో లాభం అంత మేరకు తగ్గి కనిపిస్తుంది, కొట్టు నీరసంగా ఉందనిపిస్తుంది. వాస్తవానికి ఆ కుటుంబం తిన్నది లాభాన్నే. గోడకు ఒక క్యాలెండరు తగిలించి, ఇంటికి ఏది తీసినా ఆ తేదీ గడిలో విలువ రాస్తే ఈ చిక్కు తీరుతుంది.

లాభం అనే మాట మరోచోట మరో అర్థంలో వినిపిస్తుంది కాబట్టి ఒక్క మాట. ఆదాయపు పన్నులో చిన్న వ్యాపారులకు ఉన్న అంచనా పద్ధతిలో, అమ్మకంలో నగదుగా వచ్చిన దాని మీద 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన దాని మీద 6 శాతం కనీస లాభంగా చూపించవచ్చు. అది పన్ను కోసం చట్టం ఒప్పుకున్న అంకె. అది మన గల్లాలోనూ ఉండదు, మన ఖాతా పుస్తకంలోనూ ఉండదు. రిటర్ను వేసినవారు రాసిన లాభం చూసి కొట్టు పరిస్థితి నిర్ణయించుకోకూడదు.

ఇక ఏప్రిల్‌లో వచ్చిన 1,62,000 దగ్గరికి మళ్లీ వద్దాం. అందులో 1,00,000 తీసి స్థలానికి బయానా ఇచ్చారనుకోండి. మే, జూన్, జులై నెలల్లో ఏ ఇబ్బందీ తెలియదు, ఎందుకంటే ఆ నెలల్లో అరువు తక్కువ, అరల్లో సరుకు తక్కువ. నారు నాట్లు మొదలై ఖాతాదారులు ఒక్కొక్కరే పుస్తకం తెరవమన్నప్పుడు సరుకు నింపడానికి లక్ష తక్కువవుతుంది. అప్పుడు దాన్ని నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు; నెలకు 2,000. మళ్లీ నవంబరు వస్తుంది, అమ్మకం అంతే ఉంటుంది, మార్జిన్ అంతే ఉంటుంది, లాభం మాత్రం 21,500 బదులు 19,500 అవుతుంది. ఆ తగ్గిన రెండు వేలకు కారణం నవంబరు లెక్కల్లో ఎంత వెతికినా కనబడదు. అది ఏప్రిల్‌లో, గల్లా నిండుగా ఉన్న రోజున జరిగింది.